జెర్సీ మీద పేరు, నంబరు, నలుగురు స్పాన్సర్లు: ఎవరిని ఎక్కడ పెట్టాలి? ప్రింటుకి వెళ్ళేలోపు చెప్పండి

మహేంద్రతనయ_ఓపెనర్ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. సంక్రాంతి వెళ్ళాక గుణుపురంలో లెదర్ బాల్ టోర్నీ ఉంది. ఈసారి మా టీముకి కొత్త జెర్సీలు కుట్టిస్తున్నాం. ముదురు మెరూన్ రంగు, కాలరు, మూడు గుండీల పట్టీ, హాఫ్ చేతులు. పదిహేను పీసులు. స్పాన్సర్లు నలుగురు దొరికారు: రైస్ మిల్లు, మెడికల్ షాపు, స్వీట్ షాపు, కోచింగ్ సెంటరు. ఎక్కువ డబ్బు ఇచ్చింది రైస్ మిల్లు.

డిజైనర్ కుర్రాడు ఫోన్‌కి ఒక బొమ్మ పంపాడు. ముందు వైపు ఛాతీ మధ్యలో రైస్ మిల్లు, ఒక పక్క మా టీము బ్యాడ్జి. వీపు మీద పైన పేరు, కింద నంబరు, దాని కింద నడుము దగ్గర స్వీట్ షాపు. ఎడమ చేతికి మెడికల్, కుడి చేతికి కోచింగ్. చూడ్డానికి బాగానే ఉంది. కానీ పోయినేడు వేరే చోట చేయించినప్పుడు కూడా బొమ్మ బాగానే ఉంది, కుట్టి వచ్చాక సగం లోగోలు చంకలోకి పోయాయి. ఆ షాపు పేరు ఎందుకులెండి. ఈసారి ప్రింటుకి పంపే ముందు ఏం చూసుకోవాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

రాయగడ_స్పిన్

బ్రదర్, ఛాతీ మధ్యలో స్పాన్సర్ పేరు పెట్టకూడదు. ఐసీసీ రూలు. 2023 వరల్డ్ కప్‌లో మన టీముకి ఛాతీ మీద ఇండియా అనే ఉంది, స్పాన్సర్ చేతి మీదకి వెళ్ళాడు. అందుకని రైస్ మిల్లుని చేతికి మార్చి ఛాతీ మీద టీము పేరు వేయించు.

సీనియర్_స్కోరర్ (బరంపురం)

రాయగడ తమ్ముడూ, అది వరల్డ్ కప్ లాంటి ఐసీసీ టోర్నీల వరకే. రెండు దేశాలు ఆడుకునే సిరీసుల్లో స్పాన్సర్ ఛాతీ మధ్యలోనే ఉంటాడు, రోజూ టీవీలో చూస్తున్నదే కదా. కోవిడ్ టైములో, 2020లో, టెస్టు షర్టు ఛాతీ మీద కూడా 32 చదరపు అంగుళాల లోగో పెట్టుకోవచ్చని ఐసీసీయే కొన్నాళ్ళు ఒప్పుకుంది. గుణుపురం టోర్నీకి ఏ రూలూ అడ్డు రాదు. నిర్వాహకుల కాగితంలో ఏమైనా రాసి ఉంటే అది చూసుకోండి, చాలు.

రాయగడ_స్పిన్

సరే, టోర్నీలకే అనుకుందాం. కానీ చేతి మీద స్పాన్సర్ బాగా కనిపిస్తాడన్న మాట మాత్రం నిజం.

జయపురం_కీపర్

నంబర్ల గొడవా? మా టీములో కూడా అంతే. 7 కావాలని ముగ్గురు, 18 కావాలని నలుగురు. ధోనీ 7ని బోర్డు ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేసింది కాబట్టి మేమూ ఎవరికీ ఇవ్వం అన్నాడు మా కెప్టెన్. తర్వాత చూస్తే అదే నంబరు తనే వేసుకున్నాడు.

మహేంద్రతనయ_ఓపెనర్

కీపర్ అన్నా, నంబర్లు ఎవరికి ఏవి అన్నది తేలిపోయింది. అవి వీపు మీద ఎక్కడ, ఎంత సైజులో ఉండాలన్నదే నా బాధ.

ప్రెస్సు_మావయ్య (బరంపురం)

అబ్బాయ్, ముందు ఒక సంగతి. నీకు వచ్చింది మాక్‌అప్. అంటే బొమ్మకి తొడిగిన చొక్కా. ప్రింటయ్యేది అది కాదు. సబ్లిమేషన్‌లో ముందు భాగం, వీపు, రెండు చేతులు, కాలరు విడివిడిగా కాగితం మీద అచ్చవుతాయి. ఆ కాగితాన్ని తెల్ల పాలిస్టర్ బట్ట మీద పెట్టి సుమారు 200 డిగ్రీల వేడితో నొక్కితే రంగు బట్టలోకి దిగుతుంది. కుట్టడం ఆ తర్వాత. కాబట్టి నువ్వు అడగాల్సింది ప్యానెల్ ఫైలు. ముక్కలన్నీ పరిచినట్టు, అసలు కొలతలో, కుట్టుగీతలతో సహా ఉండేది. మాక్‌అప్‌లో అన్నీ చక్కగానే కనిపిస్తాయి, ఎందుకంటే దానికి చంకలు ఉండవు.

రెండో ప్రశ్న. మీ వాళ్ళ సైజులు ఏమిటి? అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా పెద్దది చెప్పు. పొడవాటి పేరు ఎవరిదో కూడా చెప్పు. మాక్‌అప్ ఏ సైజు మీద గీశాడో డిజైనర్‌ని అడుగు.

మహేంద్రతనయ_ఓపెనర్

అడిగాను మావయ్యా. 40 సైజు మీద గీశాడట. "మిగతావి మేమే పెంచుతాం, తగ్గిస్తాం" అన్నాడు. మాలో చిన్నది 34, మా లెగ్ స్పిన్నర్ కుర్రాడిది, ఇంకా ఇంటర్ చదువుతున్నాడు. పెద్దది 46, మా వికెట్ కీపర్. పొడవాటి పేరు సత్యనారాయణ, ఇంగ్లీషులో 13 అక్షరాలు. ఖర్మ ఏమిటంటే ఆ 34 సైజు కుర్రాడే సత్యనారాయణ.

ప్రెస్సు_మావయ్య

దొరికింది. పోయినేడు లోగోలు చంకలోకి పోయింది కూడా దీనివల్లే అయ్యుంటుంది.

"పెంచుతాం, తగ్గిస్తాం" అంటే చాలామంది చేసేది ఒకటే. 40 సైజు ఆర్ట్ మొత్తం పట్టుకుని చొక్కాతో పాటు లాగేస్తారు. 40 నుంచి 46కి వెళ్తే వెడల్పు 15 శాతం పెరుగుతుంది. పేరు, నంబరు, లోగో అన్నీ 15 శాతం ఉబ్బుతాయి. 34కి వస్తే అంతే తగ్గుతాయి. 9 అంగుళాల నంబరు 34 సైజు మీద ఏడున్నర చిల్లరకి దిగుతుంది, 46 మీద పదికి పైన ఉంటుంది. టీము వరసగా నిలబడి ఫోటో దిగితే ఎవరి చొక్కా వాళ్ళు వేరే షాపులో కొన్నట్టు ఉంటుంది. ఇంకొందరు వెడల్పు ఒక్కటే లాగుతారు. అప్పుడు కీపర్ నంబరు బొద్దుగా, కుర్రాడి నంబరు సన్నగా వస్తుంది.

సరైన పద్ధతి ఏమిటంటే, వెనకాల ఉన్న చారలు, రంగులు, డిజైను మాత్రం సైజుతో పాటు మారాలి. పేరు, నంబరు, లోగోలు 38 నుంచి 46 దాకా ఒకే కొలతలో ఉండాలి. 34, 36 లాంటి చిన్న సైజులకి మాత్రం ఒక మెట్టు తగ్గించిన రెండో సెట్. అంటే మీ పదిహేను పీసులకి రెండు సెట్లు సరిపోతాయి.

ఇక ఎక్కడ పెట్టాలన్నది. ప్రతి కొలతా మెడ కుట్టు నుంచి కిందకి, నడి గీత నుంచి పక్కకి కొలవాలి. కింది అంచు నుంచి పైకి కొలిచావో, సైజు మారినప్పుడల్లా అంతా జరిగిపోతుంది. మీది కాలరు చొక్కా కాబట్టి మడిచిన కాలరు వీపు మీద రెండున్నర అంగుళాలు కప్పేస్తుంది. పేరు మెడ కుట్టుకి 4 అంగుళాల కింద మొదలుపెట్టు. రౌండ్ నెక్ అయితే రెండున్నర చాలేది. పేరు ఎత్తు 2 అంగుళాలు. కింద ఒకటింబావు ఖాళీ. తర్వాత నంబరు 9 అంగుళాలు. మొత్తం కలిపితే మెడ నుంచి 16 అంగుళాల పావు దగ్గర నంబరు అయిపోతుంది.

42 సైజు చొక్కా వీపు పొడవు దాదాపు 29 అంగుళాలు. నంబరు కింద పన్నెండున్నర పైగా మిగిలినట్టు కనిపిస్తుంది. మీ డిజైనర్ స్వీట్ షాపుని అక్కడ, అడుగున పెట్టాడు. టక్ చేస్తే కింది ఆరు అంగుళాలు ప్యాంటులోకి పోతాయి. స్వీట్ షాపు ఆయన తన లోగో కోసం వచ్చి ప్యాంటు చూసి వెళ్తాడు.

జయపురం_కీపర్

మావయ్యా, మన వైపు టక్ చేసేవాళ్ళు ఎవరున్నారు?

సీనియర్_స్కోరర్

అంపైర్ అడిగితే చేస్తారు. ఫైనల్లో ముఖ్య అతిథి వచ్చినప్పుడు చేస్తారు. ఫోటోలు తీసేది కూడా అప్పుడే.

ప్రెస్సు_మావయ్య

అదీ సంగతి. నంబరుకి అంగుళంన్నర కింద ఆ స్వీట్ షాపు లోగో మొదలుపెట్టి, రెండు అంగుళాల ఎత్తులో ముగిస్తే మెడ నుంచి సుమారు 20 అంగుళాల దగ్గర అయిపోతుంది. 29 పొడవులో టక్ 23 దగ్గర మొదలవుతుంది కాబట్టి బయటే ఉంటుంది. 34 సైజుకి ఇది కుదరదు, చొక్కా పొట్టి. రెండో సెట్లో నంబరు 8కి, పేరు 1.75కి తగ్గించు. ఆ లోగోని కూడా కొంచెం పైకి జరుపు.

పేరు సంగతి రేపు రాస్తాను, ప్రెస్సు మీద పని ఉంది.

వంశధార_ఆల్‌రౌండర్ (గుణుపురం)

పేరు తెలుగులో వేయించకూడదా అన్నా? మనం తెలుగువాళ్ళం, బోర్డరు దాటి వచ్చినంత మాత్రాన అక్షరాలు వదిలేయాలా? మా టీము అలాగే చేద్దాం అనుకుంటున్నాం.

సీనియర్_స్కోరర్

ఉద్దేశం బాగుంది. కానీ స్కోరు రాసేవాడిగా నా గోడు వినండి. నేను బౌండరీ పక్క టెంటులో కూర్చుంటాను. క్రీజు 65 మీటర్ల దూరంలో ఉంటుంది. పేరు ఏ భాషలో ఉన్నా అక్కడికి కనపడదు, నంబరు చూసే రాస్తాను. కాబట్టి పేరు మీ ఇష్టం, నంబరు మాత్రం నా కోసం వేయండి. అంకె మధ్యలో చారలు, పులి బొమ్మలు, చుక్కలు వద్దు. ఈమధ్య డిజైనర్లకి అంకె లోపల గ్రేడియంట్ వెయ్యడం ఫ్యాషన్ అయిపోయింది. కింద సగం చొక్కా రంగులో కలిసిపోతే 9 కాస్తా సున్నా అవుతుంది. 3, 8 ఒకేలా ఉండే డిజిటల్ వాచీ ఫాంటు అసలే వద్దు. ఒకసారి 38 ఆడిన ఇన్నింగ్స్ 33 ఖాతాలో పడింది, సాయంత్రం దాకా గొడవ.

పక్క ఊరి టీములో సగం మంది ఒడియా కుర్రాళ్ళు. ఒడియా అంపైరు కూడా ఉంటాడు. తెలుగులో పేరుంటే "నంబర్ 12" అనే పిలుస్తారు, అంతే తేడా.

వంశధార_ఆల్‌రౌండర్

పిలవనివ్వండి సార్. మనూళ్ళో చూసే జనం చదువుకుంటారు కదా. హాకీ టీము ఛాతీ మీద ఒడిశా అని గర్వంగా వేయలేదా?

రాయగడ_స్పిన్

అది స్పాన్సర్ తమ్ముడూ. 2018 నుంచి ఒడిశా ప్రభుత్వమే హాకీ టీముకి స్పాన్సర్. అభిమానంతో వేసింది కాదు, డబ్బిచ్చి వేయించింది.

ప్రెస్సు_మావయ్య

తెలుగు పేరు మీద నాకు అభ్యంతరం లేదు, చేసిచ్చాను కూడా. కానీ లెక్క మారుతుంది. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఒకే ఎత్తులో నిలబడతాయి. తెలుగులో పైన గుడి, కింద వత్తు. "లక్ష్మి" రాస్తే అక్షరం మీద ఒక అంతస్తు, కింద ఒక అంతస్తు. అక్షరం ఒళ్ళు 2 అంగుళాలు కావాలంటే పేరుకి మూడున్నర దాకా చోటు వదలాలి. నంబరు ఆ మేరకి కిందకి వెళ్తుంది, స్వీట్ షాపు ప్యాంటు దగ్గరకి వెళ్తుంది. ఇంకొకటి, తెలుగు టైపు చేసిన ఫైలుని వేరే సిస్టంలో తెరిస్తే వత్తులు ఊడిపోవడం మామూలే. కోరల్ డ్రాలో అక్షరాలని ఎంచుకుని `Ctrl+Q` కొట్టి కర్వ్స్ చేసి పంపమనండి. తర్వాత ఎవరి సిస్టంలో తెరిచినా మారవు. ఒడియాకీ అంతే. ఇంగ్లీషుకి కూడా చేయాలి. ఫాంటు లేకపోతే సిస్టం వేరే ఫాంటు పెట్టేసి ఊరుకుంటుంది, అడగదు కూడా.

ఇప్పుడు సత్యనారాయణ. 34 సైజు అంటే వీపు ముక్క 17 అంగుళాల వెడల్పు. కానీ పేరు ఉండే ఎత్తులో రెండు చంకల గుంటల మధ్య పదమూడున్నర మించి ఉండదు. కుట్టుకి, పక్కల ఖాళీకి తీసేస్తే పేరుకి దక్కేది 11. మామూలు బోల్డ్ ఫాంటులో 2 అంగుళాల అక్షరం, పక్క సందుతో కలిపి, 1.1 అంగుళాలు తింటుంది. పదమూడు అక్షరాలకి 14.3. పట్టదు. చాలామంది ఇక్కడ ఆ ఒక్క పేరుని పక్కల నుంచి నొక్కేస్తారు. నిలువు గీతలు సన్నబడి, అడ్డగీతలు లావుగా మిగులుతాయి. దూరం నుంచే దొంగ పని అని తెలిసిపోతుంది.

మూడు దారులు. సత్య అని వేయించుకోమనడం ఒకటి. అందరికీ పేరు ఎత్తు ఒకటిన్నరకి తగ్గించడం ఇంకొకటి, దానికి నేను ఒప్పుకోను, ఒకడి కోసం పద్నాలుగు మంది పేర్లు చిన్నవవుతాయి. మూడోది, టీము మొత్తానికీ పుట్టుకతోనే సన్నగా గీసిన కండెన్స్డ్ ఫాంటు తీసుకోవడం. అందులో 2 అంగుళాల అక్షరం 0.8 తింటుంది. 13 అక్షరాలకి 10.4. రెండో సెట్లో ఎత్తు 1.75 కాబట్టి ఇంకా తగ్గి 9.1కి వస్తుంది. హాయిగా పడుతుంది. నేనైతే ఇదే చేస్తాను. ఫాంటుని పొడవాటి పేరు చూసి ఎంచుకోవాలి. డిజైనర్లు కెప్టెన్ పేరు చూసి ఎంచుకుంటారు.

మహేంద్రతనయ_ఓపెనర్

మావయ్యా, నిజంగా మా కెప్టెన్ పేరు రవి. మాక్‌అప్‌లో కూడా రవి అనే ఉంది!

మిషన్_అక్క (గుణుపురం)

చూస్తున్నాను, వీపు గురించే మాట్లాడుతున్నారు. జెర్సీలు కుట్టేదాన్ని కాబట్టి చేతుల గురించి, ఆ గుండీల పట్టీ గురించి నేను చెప్తాను.

మూడు గుండీల పట్టీ ఆరంగుళాలు ఉంటుంది. ముందు మెడ మూడంగుళాలు దిగుతుంది. అంటే భుజం పైనుంచి తొమ్మిదో అంగుళం దాకా పట్టీయే. దాని మీదుగా లోగో వేస్తే నేను ఎంత జాగ్రత్తగా కుట్టినా అక్షరం సగానికి సగం కలవదు. పట్టీ వేరే ముక్క, మడత వస్తుంది, ఒక నూలు పక్కకి జరిగినా తెలుస్తుంది. పట్టీ అయ్యాక లోగో మొదలుపెడితే పదో అంగుళం. చంక గుంట కూడా అక్కడే అయిపోతుంది. అంటే రైస్ మిల్లు ఛాతీ మీద ఉండదు, పొట్ట మీద ఉంటుంది. డబ్బు ఎక్కువ ఇచ్చినాయన పొట్ట మీద ఉంటే ఊరుకుంటాడా? పట్టీని నాలుగంగుళాలకి తగ్గించి రెండు గుండీలు పెట్టించండి. అప్పుడు లోగో ఎనిమిదో అంగుళం దగ్గర మొదలవుతుంది. బ్యాడ్జి, కంపెనీ మార్కు పట్టీకి చెరో పక్కా వెళ్తాయి.

బ్యాడ్జి "ఎడమ పక్క" అని ఉత్త మాట రాయకండి. వేసుకున్నవాడి ఎడమ అని రాయండి. తెర మీద చూసేవాడి ఎడమకి పెట్టి పంపిన టీములు నాకు తెలుసు, గుండె వైపు ఉండాల్సిన బ్యాడ్జి అవతలికి పోయింది.

ఇప్పుడు చేతులు. చేతి ముక్క పరిస్తే గంటలా ఉంటుంది. పైన నడిమధ్య గాటు భుజం కుట్టుకి తగులుతుంది. ఆ గాటు నుంచి కిందకి గీసిన గీత తొడుక్కున్నాక చేతికి బయటి వైపున ఉంటుంది. లోగో ఆ గీత మీద ఉండాలి, లేదా ఒక అంగుళం ముందుకి. వెనక్కి మాత్రం వద్దు. 40 సైజు హాఫ్ చేతికి మూడున్నర అంగుళాల కన్నా వెడల్పు లోగో వేస్తే రెండు చివరలూ చుట్టు తిరిగిపోతాయి, మధ్య అక్షరాలే కనిపిస్తాయి. కింద మడతకి ఒక అంగుళం పోతుంది. అందుకని అంచు నుంచి రెండంగుళాలు వదిలి లోగో మొదలుపెట్టండి. లేకపోతే నేను మడిచినప్పుడు పేరు కింద సగం లోపలికి వెళ్తుంది, తిట్లు నాకు.

అన్నిటికన్నా పెద్ద తప్పు ఒకటి చెప్తాను. ఎడమ చెయ్యి గీసి దాన్నే తిప్పి కుడి చెయ్యి చేస్తారు. ముక్క తిరగాల్సిందే, ముందు వైపు లోతు వెనక వైపు కన్నా ఎక్కువ ఉంటుంది కాబట్టి. కానీ దానితో పాటు లోగో కూడా తిరిగి అద్దంలో చూసినట్టు వచ్చేస్తుంది. ప్యానెల్ ఫైలు వచ్చినప్పుడు మొదట కుడి చెయ్యి చదవండి.

ప్రెస్సు_మావయ్య

అక్క చెప్పినదాన్లో ఒక చిక్కు ఉంది, కొత్తవాళ్ళు అక్కడ కంగారుపడతారు. ట్రాన్స్‌ఫర్ కాగితం మీద అన్నీ అద్దంలో లాగే అచ్చవుతాయి, బట్టకి దిగేటప్పుడు సరి అవుతాయి. కాబట్టి షాపుకి వెళ్ళి కాగితం చూసి గోల చేయకండి. కంప్యూటర్ మీద ఫైలులో మాత్రం అన్నీ సూటిగా చదవగలగాలి. ఫైలులో ఒక్క చెయ్యి తిరగబడి ఉంటే బట్ట మీదా తిరగబడే వస్తుంది.

రాయగడ_స్పిన్

నేను చేతి మీద స్పాన్సర్ అన్నది ఇందుకే. బౌలర్ ఎండ్ కెమెరాకి కుడిచేతి బ్యాటర్ ఎడమ భుజం ఎదురుగా ఉంటుంది. గుణుపురం మ్యాచులు యూట్యూబ్‌లో లైవ్ వస్తాయి కదా. బాలు బాలుకీ ఎడమ చెయ్యి కనిపిస్తుంది. రైస్ మిల్లుకి ఎడమ చెయ్యి ఇచ్చినా నష్టం లేదు.

సీనియర్_స్కోరర్

ఇది నిజమే. అయితే ఎడమచేతి బ్యాటర్‌కి కుడి భుజం ముందుకొస్తుంది. పెద్ద టీముల్లో ఆటగాణ్ణి బట్టి ముందుండే చేతికి లోగో మారుస్తారు. మీలో లెఫ్ట్ హ్యాండర్లు ఎంతమంది?

మహేంద్రతనయ_ఓపెనర్

నేను, ఇంకొకడు. అంటే మా ఇద్దరికీ మెడికల్, కోచింగ్ తారుమారు చేయాలా?

ప్రెస్సు_మావయ్య

చేస్తే మంచిదే, ప్రింటింగ్ పరంగా కష్టం లేదు. కానీ కుట్టేచోట ముక్కలు కలిసిపోతే మీ ఇద్దరికీ రెండు చేతులకీ మెడికలే వస్తుంది. పదిహేను పీసుల్లో రెండింటికి ఆ తలనొప్పి నాకు వద్దనిపిస్తుంది. స్పాన్సర్లని అడగండి, వాళ్ళకి పట్టింపు లేకపోతే వదిలేయండి.

మిషన్_అక్క

ప్రతి ముక్క అంచున కుట్టులోకి పోయే చోట నంబరు, సైజు చిన్నగా అచ్చు వేయండి. "12, 40, ఎడమ" అని. అప్పుడు కలవవు. నేనైతే మార్చి కుట్టగలను.

జయపురం_కీపర్

మా కేసు వేరు. మాకు టైము లేదు, రెడీమేడ్ నీలం టీషర్టులు కొని పేర్లు వేయిద్దాం అనుకుంటున్నాం. దానికి కూడా ఈ లెక్కలేనా?

ప్రెస్సు_మావయ్య

కొలతలు అవే, పద్ధతి వేరు. సబ్లిమేషన్‌లో తెల్ల ఇంకు ఉండదు, తెలుపు అంటే ఖాళీ వదిలిన బట్ట. నీలం బట్ట మీద పసుపు వేస్తే ఆకుపచ్చలా మురిగ్గా దిగుతుంది. మీకు ఫిల్మ్ మీద అచ్చు వేసి బట్టకి అతికించే డీటీఎఫ్ కావాలి, అందులో కింద తెల్ల పొర వస్తుంది. అది బట్ట పైన పొరలా కూర్చుంటుంది. 9 అంగుళాల నంబరు నిండుగా వేస్తే వీపు మీద గాలి ఆడదు, మధ్యాహ్నం ఫీల్డింగులో తెలుస్తుంది. ఉతికేటప్పుడు తిరగేసి ఉతకండి, నంబరు మీద నేరుగా ఇస్త్రీ పెట్టకండి.

మహేంద్రతనయ_ఓపెనర్

ఇప్పుడు లోగోల దగ్గర ఆగాం. స్వీట్ షాపు ఆయన విజిటింగ్ కార్డు ఫోటో వాట్సాప్‌లో పంపాడు. మెడికల్ షాపుది ఎర్ర ప్లస్ గుర్తు. రైస్ మిల్లుది ఎర్ర అక్షరాలు, వెనక తెల్ల డబ్బా. మెరూన్ మీద ఎలా?

ప్రెస్సు_మావయ్య

కార్డు ఫోటో పనికిరాదు. ఆ కార్డు అచ్చు వేసినవాడి దగ్గర సీడీఆర్ గానీ పీడీఎఫ్ గానీ ఉంటుంది, అది అడిగించు. పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమను, ఫోటోగా పంపితే వాట్సాప్ నలిపేస్తుంది. దొరక్కపోతే డిజైనర్ దాన్ని మళ్ళీ గీయాలి. ఆటో ట్రేస్ కొట్టి ఇస్తే ఒప్పుకోకు, అక్షరాల మూలలు కరిగిన మైనంలా వస్తాయి.

మెరూన్ మీద ఎరుపు చచ్చిపోతుంది. రెండే మార్గాలు. తెల్ల డబ్బా ఉంచేయడం, లేదా లోగో మొత్తాన్ని తెలుపు ఒక్క రంగులో వేయడం. నాలుగు లోగోలూ తెలుపులో ఉంటే చొక్కా నీటుగా ఉంటుంది, పేరు, నంబరు కూడా తెలుపే కాబట్టి కలిసిపోతుంది.

రాయగడ_స్పిన్

రైస్ మిల్లు ఆయన ఒప్పుకోడు మావయ్యా. బస్తా మీద ఎరుపే ఆయన గుర్తు. జనం రంగు చూసే బస్తా కొంటారు. తెలుపు చేస్తే ఎవరిదో అనుకుంటారు. తెల్ల డబ్బాయే ఉంచండి, మూలలు గుండ్రంగా చేసి.

ప్రెస్సు_మావయ్య

ఛాతీ మధ్యలో 10 అంగుళాల తెల్ల డబ్బా అంటే అతికించిన స్టిక్కర్‌లా ఉంటుంది. నా కంటికి బాగోదు.

సీనియర్_స్కోరర్

డబ్బు ఇచ్చినవాడి కంటికి బాగుంటే చాలు కదా! ఇంకొక్క మాట, మెడికల్ వాళ్ళ ఎర్ర ప్లస్ తెల్ల డబ్బాలో పెట్టకండి. అది రెడ్ క్రాస్ గుర్తు అవుతుంది. 1960 జెనీవా కన్వెన్షన్ల చట్టం ప్రకారం అనుమతి లేకుండా వాడకూడదు. ఆకుపచ్చ ప్లస్ చేయమనండి, లేదా షాపు పేరు ఒక్కటే వేయండి.

మహేంద్రతనయ_ఓపెనర్

మెడికల్ షాపు ఆయనకి ఫోన్ చేశాను, పేరు ఒక్కటే తెలుపులో వేయమన్నాడు. కోచింగ్ వాళ్ళూ తెలుపుకి సరే అన్నారు. స్వీట్ షాపు వాళ్ళకి కార్డు అచ్చు వేసిన చోట పీడీఎఫ్ దొరికింది. నడుము దగ్గర్నుంచి పైకి జరుపుతున్నాం అంటే సంతోషించాడు. రైస్ మిల్లు ఆయన మాత్రం ఎరుపు తప్ప ఒప్పుకోలేదు. పట్టీ నాలుగంగుళాలకి తగ్గించాం. కండెన్స్డ్ ఫాంటుకి కెప్టెన్ మొదట ముఖం చిట్లించాడు, సత్యనారాయణ వీపు ముక్క చూపించాక ఊరుకున్నాడు.

ప్యానెల్ ఫైలు ఇవాళ వచ్చింది. అక్క చెప్పినట్టు ముందు కుడి చెయ్యి చదివాను. కోచింగ్ సెంటరు పేరు తిరగబడే ఉంది! వెంటనే ఫోన్ చేస్తే "మాక్‌అప్‌లో సరిగానే ఉంది కదా సార్" అన్నాడు. సరిచేసి పంపుతానన్నాడు.

మిషన్_అక్క

రెండోసారి పంపినప్పుడు అన్ని సైజుల కుడి చేతులూ చూడండి. 40 ఒక్కటే సరిచేసి మిగతావి అలాగే వదిలేస్తారు.

ప్రెస్సు_మావయ్య

ఔను. పదిహేను పీసులూ కొట్టే ముందు 34 ఒకటి, 46 ఒకటి శాంపిల్ కొట్టించు. ఈ రెండూ బాగుంటే మధ్యవి బాగుంటాయి. షాపువాడు 40 శాంపిల్ ఇస్తానంటాడు, ఒప్పుకోకు. మెరూన్ కూడా అందులోనే చూసుకో. తెర మీద కనిపించేదాని కన్నా బట్ట మీద గోధుమ రంగు వైపు తిరగొచ్చు. ఆ తెల్ల డబ్బా కూడా ఒకసారి వేసి చూడు, ఒకసారి లేకుండా చూడు. రెండూ రైస్ మిల్లు ఆయనకే చూపించు.

వంశధార_ఆల్‌రౌండర్

మేము తెలుగులోనే వేయిస్తున్నాం మావయ్యా. స్పాన్సర్‌ని వీపు మీద పెట్టడం లేదు, ఆ చోటు పేరుకే ఇచ్చాం. నంబరు ఇంగ్లీషు అంకెలే, స్కోరర్ గారి కోసం.

సీనియర్_స్కోరర్

వత్తులు సరిగా ఉన్నాయో లేదో ఫైలు ఇక్కడ పెట్టు తమ్ముడూ, అచ్చుకి వెళ్ళేలోపు చదివి చెప్తాను.